పట్టాల మధ్య మూడో గీత

మీ చేతికి ఒక వీధి ఫొటో వచ్చిందనుకోండి. ఏ ఊరిదో ఎక్కడా రాసి లేదు. దుకాణాల బోర్డులు మసకగా ఉన్నాయి, కార్ల నంబర్లు కనబడటం లేదు. నడిచి వెళ్తున్న మనుషులు ఏ దేశం వాళ్లయినా కావచ్చు. అలాంటప్పుడు చాలామంది ముందు మేడల వైపు చూస్తారు. నన్నడిగితే, ముందు రోడ్డు వైపు చూడమంటాను. రోడ్డులో పట్టాలున్నాయా? ఉంటే ఎన్ని గీతలు కనబడుతున్నాయి? ఆ తర్వాత తల పైకెత్తి తీగలు లెక్కపెట్టండి. ఊరి పేరు తేలకపోయినా, అది ఎలాంటి ఊరో సగం తేలిపోతుంది.

లెక్క ఎందుకు పనికొస్తుందో ముందు చెబుతాను. కరెంటు ట్రాముకు పైన ఒకే తీగ చాలు. కరెంటు ఆ తీగలోంచి బండిలోకి దిగి, మోటారు తిప్పి, ఇనుప చక్రాల మీదుగా పట్టాలోకి పోతుంది. తిరుగుదారి పట్టాయే. ట్రాలీబస్సు సంగతి వేరు. దానివి రబ్బరు టైర్లు, కింద పట్టా లేదు. కరెంటు వచ్చిన దారినే పైకి వెళ్లాలి కాబట్టి దానికి రెండో తీగ తప్పనిసరి. అందుకే ట్రాలీబస్సు నడిచే వీధిలో తీగలు జంటగా, సుమారు రెండడుగుల ఎడంతో పక్కపక్కనే సాగుతాయి. రెండు ట్రాము దారులు ఉన్న వీధిలోనూ పైన రెండు తీగలు కనబడతాయి కానీ, వాటి మధ్య ఎడం చాలా ఎక్కువ. ఏ దారి మీది తీగ ఆ దారి మీదే ఉంటుంది. ఈ తేడా ఒక్కటి పట్టుకుంటే, బస్సు గానీ ట్రాము గానీ ఫొటోలో లేకపోయినా ఆ వీధిలో ఏం నడుస్తుందో చెప్పొచ్చు.

ఇప్పుడు ఒక ఫొటోను దగ్గరగా చూద్దాం. మీకు కనబడదు కాబట్టి నేను వర్ణిస్తాను. బాగా ఏటవాలుగా ఉన్న వీధి. నడిమధ్యలో పక్కపక్కన రెండు దారులు. ఒక్కొక్క దారిలో రెండు పట్టాలు, ఆ రెంటికీ సరిగ్గా నడుమ మూడో గీత. ఆ మూడోది పట్టా కాదు. సన్నటి చీలిక, అంచులకు ఉక్కు. దాని పక్కన అక్కడక్కడా చిన్న చిన్న ఇనుప మూతలు. తల ఎత్తి చూస్తే పట్టాల వెంట తీగే లేదు. కానీ కొంచెం దిగువన, అడ్డవీధి వచ్చి కలిసే కూడలిలో మాత్రం జంట తీగలు ఈ వీధిని అడ్డంగా దాటిపోతున్నాయి.

ఇది శాన్‌ఫ్రాన్సిస్కో. ఇంత ధైర్యంగా ఎలా చెప్పగలమో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఆ చీలిక. కేబుల్ కారు అనగానే మనకు విశాఖపట్నం కైలాసగిరి మీది రోప్‌వే గుర్తుకొస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కోది గాలిలో వేలాడేది కాదు, రోడ్డు మీద నడిచేది. బండిలో ఇంజనుండదు, మోటారుండదు. రోడ్డు కింద సొరంగంలాంటి కాలువలో మూడు సెంటీమీటర్లకు పైగా మందమున్న ఉక్కు తాడు ఆగకుండా పరుగెడుతూ ఉంటుంది, గంటకు దాదాపు 15 కిలోమీటర్ల వేగంతో. ఆ తాళ్లన్నిటినీ వాషింగ్టన్, మేసన్ వీధుల మూలనున్న ఒకే భవనంలో పెద్ద పెద్ద చక్రాలు తిప్పుతుంటాయి. బండి నడిపేవాణ్ని అక్కడ గ్రిప్‌మ్యాన్ అంటారు. అతని ముందు నిలువెత్తు లీవరు, దాని అడుగున, చీలికలోంచి కిందికి దిగే పటకారులాంటి పట్టు. లీవరు లాగితే పట్టు తాడును బిగించి పట్టుకుంటుంది, బండి తాడుతో పాటు సాగుతుంది. వదిలేస్తే తాడు దాని మానాన అది పోతుంది. చీలిక ఉన్నది ఆ పట్టు దిగడానికి. పక్కనున్న ఇనుప మూతల కింద తాడును మోసే కప్పీలుంటాయి. వాటికి నూనె పెట్టడానికీ మార్చడానికీ ఆ మూతలు తెరుస్తారు. మలుపుల దగ్గర తాడును పక్కకు తిప్పాలి కాబట్టి కప్పీలు ఎక్కువ, వాటితో పాటు మూతలూ ఎక్కువే. ఫొటోలో మలుపు ఉంటే ఈ ఇనుప మూతలు వరుసకట్టి కనబడతాయి.

ఈ పద్ధతిని 1873లో అక్కడి క్లే వీధి కొండ మీద మొదట నడిపి చూపినవాడు ఆండ్రూ హాలిడీ. ఆయన ఉక్కు తాళ్ల తయారీదారు. అంతకుముందు ఆ నిటారు వీధుల్లో బండ్లు లాగలేక గుర్రాలు జారిపడి చచ్చేవి. తాళ్లు అమ్ముకునేవాడికి తాడుతో నడిచే బండి ఆలోచన రావడంలో వింతేం లేదనుకోండి!

తర్వాత, కూడలిలో అడ్డంగా పోతున్న జంట తీగలు. ఇవి ట్రాలీబస్సులవి. కొండలెక్కడానికి డీజిలు ఇంజను కంటే కరెంటు మోటారుకు సత్తా ఎక్కువ కాబట్టి శాన్‌ఫ్రాన్సిస్కో ట్రాలీబస్సులను వదులుకోలేదు. హాలిడీ బండి నడిచిన క్లే వీధిలో ఇప్పుడు తిరిగేది ట్రాలీబస్సే. కేబుల్ కార్లు నడిచే పావెల్ వీధి ఈ క్లే వీధినీ, దాని పక్కనున్న సాక్రమెంటో వీధినీ దాటుతుంది. కాబట్టి కింద చీలికతో పట్టాలు ఒకవైపు, పైన జంట తీగలు వేరొకవైపు. మనుషులు నడిపే ఇలాంటి తాటి బండ్లు ఇంకా ఊరి రవాణాలో మిగిలింది ఈ ఒక్క నగరంలోనే. అందుకే ఈ రెండూ ఒకే ఫొటోలో, అదీ రంగుల ఫొటోలో కనబడితే ఇంకో ఊరి పేరు చెప్పే అవసరం రాదు.

ఊరు తెలిసింది. వీధి? మిగిలింది మూడు లైన్లే. రెండు పావెల్ వీధి నుంచి బయలుదేరి కొంత దూరం పోయాక విడిపోతాయి. ఒకటి మేసన్ వైపు, ఇంకొకటి హైడ్ వైపు. మూడోది కాలిఫోర్నియా వీధి వెంట తిన్నగా పోతుంది. పావెల్ బండ్లకు ముందుభాగం ఒక్కటే. చివరికెళ్లాక వాటిని వెనక్కి తిప్పాలి. అందుకని లైను కొసన రోడ్డులో గుండ్రటి చెక్కబల్ల లాంటి తిరుగుడు వేదిక ఉంటుంది, సిబ్బంది బండిని చేత్తో తోసి తిప్పుతారు. కాలిఫోర్నియా బండ్లకు రెండు చివర్లా నడిపే చోటుంది, తిప్పే పనిలేదు. బండికి ముందు, వెనక రెండు కొసల్లోనూ ఒకేలా తెరిచి ఉన్న సీట్లు కనబడితే అది కాలిఫోర్నియా లైను. వీధి దిగువన సముద్రం, అందులో అల్కట్రాజ్ దీవి కనబడితే హైడ్. మేడల సందులోంచి బే బ్రిడ్జి స్తంభం కనబడితే కాలిఫోర్నియా వీధిలో నిలబడి తూర్పుకు చూస్తున్నట్టు.

ఇక్కడిదాకా సులువు. చీలిక కనబడగానే శాన్‌ఫ్రాన్సిస్కో అనేసేవాళ్లు బోల్తా పడే చోట్లు కొన్నున్నాయి.

మొదటిది లిస్బన్. అదీ కొండల ఊరే, పట్టాలూ ఏటవాలు వీధులూ అక్కడా ఉన్నాయి. గ్లోరియా, బిక, లావ్రా అని మూడు వాలు దారులున్నాయి, 19వ శతాబ్దం చివర్లో కట్టినవి. వాటిలోనూ పట్టాల నడుమ చీలిక ఉంటుంది. కానీ తల ఎత్తితే తేడా తెలుస్తుంది. పైన కరెంటు తీగ ఉంటుంది. కారణమేమిటంటే, అక్కడి తాడు నిరంతరం పరుగెత్తేది కాదు. ఒకే తాటికి రెండు కొసల్లో రెండు బండ్లు కట్టి ఉంటాయి, ఒకటి దిగుతుంటే ఇంకొకటి ఎక్కుతుంది. బరువుకు బరువు సరిపోతుంది. మిగిలిన కొంచెం శక్తీ బండ్లలోని మోటార్లు ఇస్తాయి, వాటికి కరెంటు పైతీగ నుంచి వస్తుంది. రెండు బండ్లూ సగం దూరంలో ఎదురుపడతాయి కాబట్టి దారి నడుమ ఒకదాన్నొకటి తప్పుకునే చోటు తప్పక ఉంటుంది. 2025 సెప్టెంబరు 3న గ్లోరియాలో బండికి కట్టిన తాడు ఊడిపోయి, బండి వాలులో దూసుకుపోయి గోడకు గుద్దుకుంది. 16 మంది చనిపోయారు. బరువుకు బరువు పెట్టి నడిపే ఆ ఏర్పాటులో తాడు ఎంత పని చేస్తుందో ఆ రోజు అందరికీ తెలిసింది.

లిస్బన్‌లో మామూలు పసుపు ట్రాములకైతే చీలిక ఉండదు, పైన తీగ ఉంటుంది. తీగలను మోయడానికి స్తంభాలు చాలాచోట్ల కనబడవు. ఇళ్ల గోడలకు కొట్టిన కొక్కేల నుంచి కట్టుతీగలు వీధికి అడ్డంగా పోతాయి, ట్రాము తీగ వాటికి వేలాడుతుంది. ఇరుకైన పాత వీధులున్న యూరప్ ఊళ్లలో ఇది మామూలు. అమెరికాలో వీధులు వెడల్పు, గోడలు దూరం, అందుకని ఎక్కువగా స్తంభాలు పాతారు. ఈ కొక్కేలకు ఇంకో ప్రయోజనముంది. ట్రాములు తీసేసి దశాబ్దాలు గడిచిన బ్రిటన్ ఊళ్లలో కొన్నిచోట్ల అవి గోడలకు ఇంకా అలాగే ఉన్నాయి. పువ్వు ఆకారంలో పోతపోసిన ఇనుప బిళ్ల, మధ్యలో ఒక కొక్కెం. దాన్ని అలంకారం అనుకుని దాటేస్తే ఆ వీధిలో ఒకప్పుడు ట్రాము నడిచిన ఆనవాలు చేజారినట్టే.

రెండోది వాషింగ్టన్. చీలికా ఉంది, పైన తీగా లేదు, కానీ వీధి చదును. పాత ఫొటోల్లో ఇలా కనబడితే ఇది తాటి బండి కాకపోవచ్చు. రాజధాని నడిబొడ్డున తీగలు వేలాడటం అందవికారమని అమెరికా కాంగ్రెసు చట్టం చేసి ఆపేసింది. అప్పుడు ట్రాము కంపెనీలు కరెంటును రోడ్డు కిందికి దించాయి. చీలిక కింద కాలువ, అందులో రెండు విద్యుత్ పట్టీలు. బండి అడుగునుంచి ఒక పలక దిగి ఆ పట్టీలను రాసుకుంటూ పోతుంది. ఊరి బయటికెళ్లాక అందుకోసం రోడ్డులో తవ్విన గుంట దగ్గర ఆగి, ఆ పలక తీసేసి, కప్పు మీది కర్రను పైతీగకు తగిలించేవారు. అక్కడ ట్రాములు 1962లో ఆగిపోయాయి. అయినా జార్జ్‌టౌన్ పేటలో ఓ వీధి, పీ వీధి అనే రెండు చోట్ల రాళ్లు పరిచిన రోడ్డులో పట్టాలూ చీలికా ఇప్పటికీ ఉన్నాయి. నిన్న తీసిన ఫొటోలోనూ కనబడతాయి. పట్టాలున్నంత మాత్రాన ట్రాములున్నట్టు కాదు. నడిచే పట్టా అయితే చక్రం రాసుకున్న మేర అద్దంలా మెరుస్తుంది. నడవని పట్టా తుప్పెక్కి, గాడిలో మట్టి కూరుకుని ఉంటుంది.

లండన్‌లోనూ 1952 వరకు ఈ కాలువ పద్ధతి ఉండేది. అక్కడ రెండంతస్తుల ట్రాములు కాబట్టి బండి కనబడితే పొరబడటం కష్టం. న్యూయార్కులోని బ్రాడ్‌వేలో మొదట తాటి బండ్ల కోసం వేసిన చీలికనే తర్వాత కరెంటు పట్టీలకు వాడుకున్నారు. అక్కడి పాత ఫొటోలో చీలిక చూసి కింద ఉన్నది తాడా, కరెంటా అని తేల్చడం కుదరదు. చీలికకు కొండ ఉండితీరాలన్న నియమమూ లేదు. షికాగో చదునైన ఊరు, మెల్‌బోర్న్‌లోనూ పెద్ద కొండల్లేవు. అయినా కరెంటు ట్రాములు కుదురుకోక ముందు రెండు ఊళ్లలోనూ తాటి బండ్లు విస్తారంగా తిరిగాయి. మెల్‌బోర్న్‌లో చివరి తాటి ట్రాము 1940 దాకా నడిచింది. కాబట్టి నలుపు తెలుపు ఫొటో అయితే తొందరపడకూడదు.

పట్టాల మధ్య మూడో గీత ఈ కాలపు ఫొటోలోనూ ఉండొచ్చు, చీలిక లేకుండా. ఫ్రాన్సులోని బోర్డో నగరం 2003లో ట్రాములు మళ్లీ మొదలుపెట్టినప్పుడు పాత కట్టడాల ముందు తీగలు వద్దనుకుంది. రోడ్డుకు సమంగా పట్టాల నడుమ ఒక కరెంటు పట్టీ వేశారు. అది ముక్కలు ముక్కలుగా ఉంటుంది. బండి కింద ఉన్న ముక్కలోనే కరెంటు ఉంటుంది కాబట్టి మనుషులు తొక్కినా ప్రమాదం లేదు. దుబాయ్ ట్రాముదీ అదే పద్ధతి. చీలిక నల్లగా, లోతుగా ఉంటుంది. ఈ పట్టీకి లోతుండదు, బద్దలా పరిచి ఉంటుంది. నున్నటి కొత్త ట్రాము, పైన ఖాళీ ఆకాశం, నడుమ బద్ద ఉంటే ఊరు ఏదైనా కావచ్చు గానీ ఫొటో మాత్రం ఈ శతాబ్దానిదే.

ఇక పట్టాల వెడల్పు. ఫొటో చూసి మిల్లీమీటర్లు ఎలా చెబుతామని అడగొచ్చు. చెప్పలేం, కానీ వెడల్పా ఇరుకా అన్నది చెప్పగలం. దానికి ఫొటోలో ఒక కారుండాలి. మామూలు కారుకు ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య దూరం మీటరున్నర ప్రాంతం. ప్రపంచంలో ఎక్కువగా వాడే పట్టాల వెడల్పు 1435 మిల్లీమీటర్లు, దాదాపు అంతే. కాబట్టి కారు పట్టాల మీదుగా పోతుంటే దాని టైర్లు దాదాపు పట్టాల మీదే పడతాయి. శాన్‌ఫ్రాన్సిస్కో కేబుల్ కారు పట్టాలు 1067 మిల్లీమీటర్లు. అక్కడ కారు టైర్లు రెండువైపులా పట్టాల బయట, ఇంచుమించు జానెడు దూరంలో పడతాయి. లిస్బన్‌వి ఇంకా ఇరుకు, 900 మిల్లీమీటర్లే. యూరప్‌లో జ్యూరిక్, హెల్సింకి లాంటి ఊళ్లలో సరిగ్గా మీటరు. పట్టాలు ఇరుకైతే ట్రాము వాటి మీద రెండు పక్కలా పొంగి కనబడుతుంది. అయితే ఫొటో పక్కనుంచి తీసిందైతే ఈ కొలత నమ్మకండి, ఎదురుగా తీసిందైతేనే చెల్లుతుంది.

మీరు గమనించే ఉంటారు, ఇంతసేపూ నేను ట్రాము బండి రంగు గురించీ ఆకారం గురించీ పెద్దగా మాట్లాడలేదు. కావాలనే. శాన్‌ఫ్రాన్సిస్కో మార్కెట్ వీధిలో తిరిగే పాత ట్రాములను చూస్తే కారణం తెలుస్తుంది. ఒకదాని మీద షికాగో రంగులు, ఇంకొకదాని మీద ఫిలడెల్ఫియా రంగులు. నారింజ రంగువి కొన్ని సాక్షాత్తు ఇటలీలోని మిలాన్ నుంచి తెచ్చినవి. పాత బండ్ల మీద మోజుకొద్దీ ఊరూరి నుంచీ తెచ్చి, ఒకే లైనులో నడుపుతున్నారు. నారింజ బండిని చూసి మిలాన్ అన్నారో, పప్పులో కాలేసినట్టే. అలాంటప్పుడు తల ఎత్తండి. ఆ వీధిలో ట్రాములతో పాటు ట్రాలీబస్సులూ తిరుగుతాయి కాబట్టి పైన జంట తీగలున్నాయి, పక్కన వెడల్పాటి అమెరికా రోడ్డుంది. బండిని ఓడలో తేవచ్చు గానీ, వీధినీ దాని మీది తీగల అల్లికనూ తేలేరు కదా.

గాలిలో వేలాడే తీగల గురించి రెండు ముక్కలు. మన కైలాసగిరి రోప్‌వే, శ్రీశైలం పాతాళగంగ రోప్‌వే యాత్రికులవి, సందర్శకులవి. అలాంటివి కొండ వాలు మీదుగా, నీళ్ల మీదుగా పోతాయి. ఫొటోలో పెట్టెలు ఇళ్ల కప్పుల మీదుగా, ఆరేసిన బట్టల మీదుగా ఒకదాని వెనక ఒకటి విడవకుండా పోతుంటే అది ఊరి రవాణా. కొలంబియాలోని మెడెలిన్ 2004లో మెట్రోకు జతగా దీన్ని మొదలుపెట్టింది. బొలీవియాలోని లాపాజ్‌లో 2014లో తెరిచిన మొదటి మూడు లైన్లూ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, ఆ దేశపు జెండా రంగులు. ఏ లైను పెట్టెలకు ఆ లైను రంగే వేశారు. చుట్టూ గిన్నెలా పైకి లేచిన ఎర్ర ఇటుక ఇళ్లు, మీద ఒకే రంగు పెట్టెల వరుస కనబడితే లాపాజ్ పేరు ముందుగా తలచుకోవచ్చు.

చివరగా మన వాళ్ల ఆల్బముల్లో దొరకగలిగే ఫొటో ఒకటి. తెలుగువాళ్లు చదువుకీ ఉద్యోగానికీ సినిమాకీ మద్రాసు వెళ్లిన కాలం ఎంత పొడవైనదో మీకు తెలుసు. మద్రాసులో కరెంటు ట్రాములు 1895లో మొదలయ్యాయి, మన దేశంలో అవే మొదటివి. 1953లో ఆగిపోయాయి. చాలామందికి తెలియని సంగతేమిటంటే, ఆ ట్రాములు మొదట నడిచింది వాషింగ్టన్‌లోలాగే చీలిక కింది కాలువ కరెంటుతో. రోడ్డు కింద కాలువ అంటే వాన నీళ్లూ బురదా చేరే చోటు, మద్రాసు వానలకు అది నిలిచే ఏర్పాటు కాదు. తర్వాత పైతీగకు మారారు. కాబట్టి మద్రాసు వీధి పాత ఫొటో ఏదైనా మీ ఇంట్లో ఉంటే భూతద్దం పెట్టి చూడండి. ట్రాము మీద తీగ, దానికి తగులుతూ కప్పు మీంచి లేచిన కర్ర ఉంటే అది మార్పు తర్వాతిది, 1953 లోపుది. ట్రాము ఉండి పైన తీగ లేకపోతే పట్టాల నడుమ చూడండి. అక్కడ సన్నటి నల్ల గీత కనబడితే ఆ ఫొటో మద్రాసు ట్రాముల తొలి ఏళ్ల నాటిది. గీత కనబడకపోతే మాత్రం తీర్పు చెప్పేయకండి. నాటి కెమెరాలో సన్నటి తీగలు పడకపోవడం మామూలే, వెలిసిపోయిన ప్రింటులో అవి ముందుగా మాయమవుతాయి. అప్పుడు తీగ కోసం కాక స్తంభాల కోసం వెతకండి. వీధి పొడుగునా సమాన దూరంలో స్తంభాలుండి, వాటి నుంచి పట్టాల వైపు చాచిన చేతులు కనబడితే తీగ ఉన్నట్టే, ఫొటోలో పడలేదంతే.